క్విక్ రేషియో 6.9 అనుకున్నాం, తేలింది 2: చందా ఆదాయం లెక్కలో నా అనుభవం

పోయిన సెప్టెంబరు మొదటి వారంలో మా సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆగస్టు నెలకి క్విక్ రేషియో, ఆర్పు రెండూ తీసి పెట్టు. శుక్రవారం వాళ్లకి చూపించాలి" అన్నారు. వాళ్లంటే మా కంపెనీలో పెట్టుబడి పెట్టాలని చూస్తున్నవాళ్లు. మాది అమీర్‌పేటలో చిన్న ఆఫీసు. మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను నెల చందా మీద ఇస్తాం. మొదటి కౌంటర్‌కి నెలకు 800 రూపాయలు, ఆ పైన ప్రతి కౌంటర్‌కి 400. నేను అక్కడ అకౌంట్స్ చూస్తాను.

క్విక్ రేషియో అనగానే నాకు కామర్స్‌లో చదువుకున్నదే గుర్తొచ్చింది. చేతిలో ఉన్న డబ్బు, రావాల్సిన బాకీలు కలిపి, దగ్గర్లో తీర్చాల్సిన అప్పులతో భాగించడం. టాలీలోంచి బ్యాలెన్స్ షీట్ తీసి అదే లెక్క వేసి పంపాను. సార్ చూసి, ఇది కాదు, చందా వ్యాపారాల్లో వాడేది వేరే ఉంది అన్నారు. పేరు ఒకటే, విషయం వేరు. బ్యాలెన్స్ షీట్ లెక్క అప్పులు తీర్చగలమా లేదా అన్నది చెబుతుంది. చందా లెక్క మాత్రం కుండలోకి ఎంత నీరు పడుతోంది, అడుగున ఎంత కారిపోతోంది అన్నది చెబుతుంది. నెలలో కొత్తగా చేరిన నెలవారీ ఆదాయం, పాత కస్టమర్లు పెంచుకున్న ఆదాయం కలిపి పైన వేస్తాం. పాతవాళ్లు తగ్గించుకున్నది, పూర్తిగా మానేసినవాళ్లతో పోయినది కలిపి కింద వేస్తాం. ఆర్పు అంటే ఒక్కో కస్టమర్ నుంచి సగటున నెలకు వచ్చేది.

```
Quick Ratio = (New + Expansion) / (Contraction + Churn)
ARPU = Closing MRR / Closing Customers
```

ఇందులో ఎంఆర్‌ఆర్ అంటే ప్రతి నెలా మళ్లీ మళ్లీ వచ్చే చందా ఆదాయం. ఫార్ములా చూస్తే అరగంట పని అనిపించింది. నాకు పట్టింది నాలుగు రోజులు.

ఆగస్టు 1న మాకు 500 మంది కస్టమర్లు, ఎంఆర్‌ఆర్ 6,00,000. అంటే ఆర్పు 1,200, సగటున ఒక్కొక్కరికి రెండు కౌంటర్లు. బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఆ నెలలో కొత్తవాళ్లు కట్టింది కూడితే 1,41,600 వచ్చింది. పాతవాళ్లు కౌంటర్లు పెంచుకున్నందుకు 23,600. ఇక మానేసినవాళ్ల జాబితా సపోర్ట్ చూసే అమ్మాయి దగ్గర ఉంది. అందులో పది మంది, వాళ్ల చందా మొత్తం 24,000. పైన 1,65,200, కింద 24,000. రేషియో 6.9.

సార్ ముఖం వెలిగిపోయింది. ఈ రేషియోను పెట్టుబడిదారుల్లో ప్రచారంలోకి తెచ్చింది మమూన్ హమీద్ అనే అమెరికా వెంచర్ పెట్టుబడిదారుడని చెబుతారు. కంపెనీ బాగా పెరుగుతోందనడానికి ఆయన చెప్పిన గీత 4. దాన్ని మేం ఎప్పుడో దాటేశాం అనుకున్నాం. ఆర్పు కూడా 1,200 నుంచి 1,312కి పెరిగినట్టు కనిపించింది.

నాకే మనసులో ఏదో తేడా కొట్టింది. క్యాష్ బుక్ తేలకపోతే ఏం చేస్తామో ఇక్కడా అదే చేశాను. మొదటి నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేస్తే చివరి నిల్వ రావాలి. 6,00,000కి 1,65,200 కలిపి 24,000 తీసేస్తే 7,41,200. కానీ ఆగస్టు 31 నాటికి సాఫ్ట్‌వేర్‌లో యాక్టివ్‌గా ఉన్న 565 మంది చందాలు ఒక్కొక్కటిగా కూడితే 6,50,000 మాత్రమే. తేడా 91,200. ఆ తేడా ఎక్కడుందో వెతకడంలోనే నేను ఈ విషయం నేర్చుకున్నాను.

మొదట దొరికింది జీఎస్‌టీ. మేం 18 శాతం కలిపి వసూలు చేస్తాం. అది ప్రభుత్వానిది, మన ఆదాయం కాదు. 1,41,600ని 1.18తో భాగిస్తే 1,20,000. 23,600లో అసలు 20,000. ఇక్కడే 25,200 తేలిపోయింది.

రెండోది ఏడాది ప్లాన్లు. ఐదు షాపులవాళ్లు ఏడాదికి సరిపడా ఒకేసారి 9,600 చొప్పున కట్టారు. మొత్తం 48,000 నేను ఆగస్టులోనే వేసేశాను. దాన్ని 12తో భాగించి నెలకు 4,000 అని మాత్రమే రాయాలి. లేకపోతే ఆగస్టు ఉబ్బిపోతుంది, మిగతా పదకొండు నెలలూ అదే కస్టమర్ కనిపించకుండా పోతాడు. 44,000 తీసేశాను.

మూడోది మా సేల్స్ తమ్ముడు చెప్పేదాకా నాకు తట్టలేదు. "అక్కా, ఎనిమిది షాపులకి మందుల లిస్టు మనమే ఎక్కించినం కదా, దానికి రెండేసి వేలు తీసుకున్నం" అన్నాడు. ఆ 16,000 ఒక్కసారి వచ్చే డబ్బు. వచ్చే నెల రాదు కాబట్టి చందా లెక్కలోకి రాదు.

ఇంకా 6,000 మిగిలింది. దాని కోసం ఒక రోజంతా పట్టింది. కొత్తవాళ్లలో తప్పు లేదు, మానేసినవాళ్లలో తప్పు లేదు. చివరికి జూలై 31 జాబితానూ ఆగస్టు 31 జాబితానూ పక్కపక్కన పెట్టి, ఒక్కో కస్టమర్ కౌంటర్లు పోల్చాను. అప్పుడు బయటపడింది. కొందరు కౌంటర్లు తగ్గించుకున్నారు, మొత్తం పదిహేను కౌంటర్లు. వాళ్లెవరూ మానేయలేదు కాబట్టి మానేసినవాళ్ల జాబితాలో లేరు. డబ్బు కడుతూనే ఉన్నారు కాబట్టి బ్యాంకులోనూ తేడా కనిపించదు. ఇలా తగ్గించుకోవడాన్ని రాసుకునే చోటు మా ఆఫీసులో ఎక్కడా లేదు. ఇది అడగకపోతే ఎవరూ చెప్పని నష్టం. నా అభిప్రాయంలో ఈ నాలుగు అంకెల్లో ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఇప్పుడు పైన 60,000, 20,000. కింద 6,000, 24,000. రేషియో 2.67. చివరి నిల్వ 6,50,000, యాక్టివ్ జాబితాతో రూపాయి తేడా లేకుండా సరిపోయింది. అయిపోయిందనుకుని ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

మర్నాడు రావాల్సిన బాకీల లిస్టు చూస్తుంటే పది పేర్లు రెండు నెలలుగా అలాగే ఉన్నాయి. ఆటోపే ఫెయిల్ అయింది, ఎవరూ ఫోన్ చేయలేదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం యాక్టివ్ అనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న ఒక షాపు గురించి సపోర్ట్ అమ్మాయిని అడిగితే, "అక్కా, ఆయన జూన్ నుంచి లాగిన్ కూడా కాలేదు" అంది. నిల్వలు సరిపోయినా ఇలాంటి తప్పు పట్టుబడదు. ఎందుకంటే రెండు వైపులా ఒకే తప్పు ఉంటుంది. దీన్ని పట్టుకోవాలంటే బాకీల వయసు చూడాలి. సార్‌తో మాట్లాడి ఒక నియమం పెట్టుకున్నాం: గడువు తర్వాత 45 రోజుల దాకా కట్టకపోతే, ఆ 45 రోజులు నిండిన నెలలోనే మానేసినట్టు రాయాలి. ఈ పది మందికీ ఆ గడువు ఆగస్టులోనే నిండింది. వాళ్ల చందా 10,000. ఐదుగురివి రెండేసి కౌంటర్లు, ఐదుగురిది ఒక్కొక్కటి.

కింద 40,000 అయింది. పైన అదే 80,000. రేషియో 2.0. చివరి ఎంఆర్‌ఆర్ 6,40,000, కస్టమర్లు 555, ఆర్పు 1,153.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ పది మందినీ తీసేయకముందు ఆర్పు 1,150. తీసేశాక 1,153. కస్టమర్లు పోతే ఆర్పు పెరిగింది! పోయినవాళ్ల సగటు 1,000 మాత్రమే కావడమే కారణం. చిన్న షాపులు పోయే కొద్దీ మిగిలినవాళ్ల సగటు పెరుగుతుంది. అంటే ఆర్పు పెరిగిందని సంతోషించే ముందు, కొత్తవాళ్లు ఎక్కువ కడుతున్నారా లేక తక్కువ కట్టేవాళ్లు వెళ్లిపోయారా అని చూసుకోవాలి.

మా అసలు సమస్య దీనికి ఎదురు. చెప్పి మరీ మానేసిన పది మందీ సగటున 2,400 కట్టేవాళ్లు, అంటే ఐదేసి కౌంటర్ల పెద్ద షాపులు. కొత్తగా చేరిన 75 మందీ 800 కట్టే ఒక్క కౌంటర్ షాపులు. ఒక పెద్ద షాపు పోతే దాని స్థానం నింపడానికి ముగ్గురు కొత్తవాళ్లు కావాలి. ముగ్గురి దగ్గరికీ మా కుర్రాడు బండి మీద వెళ్లాలి, ముగ్గురికీ నేర్పాలి, ముగ్గురి ఫోన్లూ ఎత్తాలి. క్విక్ రేషియోకి ఇదేమీ తెలియదు. దానికి 2,400 ఎవరిదైనా 2,400నే. ఆర్పు 1,200 నుంచి 1,153కి దిగడంలోనే ఆ కథ కనిపించింది.

సార్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, జూలైలో రేషియో ఎంత అని అడిగారు. పాత నెలలు కూడా ఇలాగే సరిచేసి చూశాను. జూన్‌లో 64,000 వచ్చి 32,000 పోయింది, అంటే 2. జూలైలో 72,000 వచ్చి 8,000 మాత్రమే పోయింది, అంటే 9. ఆగస్టులో 2. మూడింటి సగటు తీస్తే 4.3. "గీత దాటాం కదమ్మా" అన్నారు. ఆ సగటు తప్పని చెప్పాల్సి వచ్చింది. జూలైలో భాగించే అంకె చిన్నది కాబట్టి రేషియో ఎగిరింది. ఎవరూ మానేయని నెలలో అయితే సున్నాతో భాగించాలి, లెక్కే రాదు. మూడు నెలల్లో వచ్చింది కూడి 2,16,000, పోయింది కూడి 80,000, అప్పుడు భాగిస్తే 2.7. మా అంత కంపెనీకి ఒక నెల అంకె కన్నా ఇదే నమ్మదగింది.

శుక్రవారం 2.7, 1,153 అనే చూపించాం. పక్కనే 6.9 ఎలా వచ్చిందో, 91,200 ఎక్కడెక్కడ తేలిందో కూడా ఒక షీట్‌లో పెట్టాను. సార్‌కి మొదట ఇష్టం లేదు గానీ వద్దనలేదు. వచ్చినవాళ్లలో ఒకాయన ఆ షీట్ మీదే ఎక్కువసేపు ఆగి, పెద్ద షాపులు ఎందుకు మానేశాయి అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే పది మందికీ ఫోన్ చేశాను. ఏడుగురు ఒకటే మాట చెప్పారు: రెండు మూడు బ్రాంచీలు ఉన్నవాళ్లకి అన్నిట్లో స్టాకు ఒకేచోట కనిపించడం లేదట. అది ఇప్పుడు తయారవుతోంది.

ఆటోపే ఆగిపోయిన పది మందికీ కూడా ఫోన్లు చేశాం. నలుగురు సెప్టెంబరులో మళ్లీ కట్టడం మొదలుపెట్టారు, నెలకు 4,000. వాటిని కొత్తవాళ్లలో కలిపేయమని సేల్స్ తమ్ముడు అడిగాడు. తన టార్గెట్‌కి పనికొస్తుందని ఆశ, అది తప్పు కాదు. కానీ అలా కలిపితే ఒకే షాపు ఒక నెల పోయినట్టూ మరో నెల కొత్తగా దొరికినట్టూ లెక్కలో తిరుగుతూ ఉంటుంది. అందుకే షీట్‌లో ఇంకో వరుస చేర్చి, దానికి 'తిరిగి వచ్చినవి' అని పేరు పెట్టాను. నిల్వ సరిచూసేటప్పుడు ఆ వరుస కలుపుతాను, రేషియోలో కలపను.