ముందు బొమ్మ, తర్వాత అంకెలు: ఊదుడు పరీక్ష లూప్ చదవడంలో నా అనుభవం

ఊపిరితిత్తుల ఊదుడు పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, కాగితం చేతికి రాగానే చాలామంది కళ్లు అడుగున యంత్రం అచ్చువేసిన ఒక్క లైను మీదికే పోతాయి. "రిస్ట్రిక్షన్" అనో, "నార్మల్" అనో ఉంటుంది అక్కడ. రిస్ట్రిక్షన్ అంటే ఊపిరితిత్తుల్లో పట్టే గాలే తగ్గిపోవడం. భీమవరం దగ్గర ఛాతీ విభాగంలో ఈ పరీక్ష చేయించడమే నా పని. ఆ లైను మీద బొటనవేలు పెట్టి కప్పేసి, పైనున్న బొమ్మ, అంటే లూప్ చూస్తాను. ఎందుకో ఒక రైస్ మిల్లు కార్మికుడి కాగితంతో చెబుతాను.

అంతకంటే ముందు, మంచి లూప్ ఎలా ఉంటుందో తెలియాలి. అడ్డగీత మీద గాలి ఎన్ని లీటర్లు కదిలిందో ఉంటుంది. నిలువుగీత మీద సెకనుకు ఎన్ని లీటర్ల వేగంతో కదిలిందో ఉంటుంది. కాలం ఈ బొమ్మలో ఎక్కడా కనపడదు, అది గుర్తుంచుకోవాలి. వదిలిన గాలి గీతకు పైన, పీల్చిన గాలి కింద. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లూప్ తెరచాప ఎత్తిన నావలా ఉంటుంది. పైన తెరచాప: ఎడమ అంచు దాదాపు నిట్టనిలువుగా లేచి, కొనకు చేరి, అక్కడి నుంచి కుడివైపు ఇంచుమించు సూటిగా వాలుతుంది. కింద నావ అడుగు: సగం గుండ్రంగా, నిండుగా.

ఇక మన మిల్లు కార్మికుడు. వయసు 55, ఎత్తు 164 సెంటీమీటర్లు. ఆ వయసుకు, ఆ ఎత్తుకు మా యంత్రం అంచనా వేసిన ఎఫ్‌వీసీ 3.1 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 2.5 లీటర్లు. ఎఫ్‌వీసీ అంటే గట్టిగా ఊది వదలగలిగిన మొత్తం గాలి. ఎఫ్‌ఈవీ1 అంటే అందులో మొదటి సెకనులో బయటపడింది. మొదటిసారి ఊదినప్పుడు వచ్చినవి: ఎఫ్‌వీసీ 1.40, ఎఫ్‌ఈవీ1 0.98. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.70. ఆ వయసుకు కింది హద్దు 0.69 దగ్గర ఉంది, కాబట్టి నిష్పత్తి పాసైపోయింది. మొత్తం గాలి మాత్రం అంచనాలో 45 శాతమే. నిష్పత్తి బాగుండి మొత్తం గాలి తగ్గితే యంత్రానికి తెలిసిన మాట ఒకటే, రిస్ట్రిక్షన్. అదే అచ్చువేసింది.

బొమ్మ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. తెరచాప కొన సెకనుకు 3.2 లీటర్ల దగ్గరే ఆగింది. అక్కడి నుంచి సూటిగా వాలాల్సిన అంచు, వరదకు లంక ఒడ్డు కోసుకుపోయినట్టు లోపలికి గుంట పడింది. అసలు గుట్టు కుడి చివర దొరికింది. నున్నగా సున్నాకి దిగి కలవాల్సిన గీత, సెకనుకు 0.3 లీటర్లకు కాస్త పైన ఉండగానే నిట్టనిలువుగా కింద పడిపోయింది. చిన్న మెట్టు లాంటిది. అంటే గాలి అయిపోయి ఆగింది కాదు, మనిషి ఆపేశాడు. ఊదడం రెండు సెకన్లకే ముగిసిందని పక్కనున్న కాలం-పరిమాణం గీత కూడా చెప్పింది. అది చివర్లో చదునవకుండా ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది.

"ఊదేశానండి, ఇంక లేదండి," అన్నాడాయన. నిజంగానే లేదనిపిస్తుంది వాళ్లకి. మొదటి జోరు పోయాక వచ్చేది సన్నటి ధార, అది గాలిలా అనిపించదు. "బాబాయ్, రాకపోయినా పర్లేదు, వస్తున్నట్టే తోస్తూ ఉండండి. నేను చాలు అనేదాకా నోరు తియ్యకండి," అని మళ్లీ చేయించాను. నేను చూసే గుర్తు ఇది: చివరి ఒక్క సెకనులో 25 మిల్లీలీటర్లకు మించి గాలి కదలకూడదు, లేదా 15 సెకన్లు నిండాలి. ఈసారి పదకొండు సెకన్లు ఊదాడు. ఎఫ్‌ఈవీ1 అదే 0.98. ఎఫ్‌వీసీ మాత్రం 2.10కి చేరింది. నిష్పత్తి 0.47. అడుగున లైను అబ్‌స్ట్రక్షన్ అని మారిపోయింది, అంటే గాలి బయటికొచ్చే నాళాలు ఇరుకయ్యాయని.

చూడండి, మొదటి సెకనులో వచ్చిన గాలి రెండుసార్లూ ఒకటే. కింద భాగించే అంకె పెరిగేసరికి నిష్పత్తి కుప్పకూలింది. అబ్‌స్ట్రక్షన్ ఉన్నవాళ్లు ముందే ఆపేస్తే జబ్బు దాక్కోవడమే కాదు, వేరే జబ్బు వేషం వేసుకుంటుంది. మరో రెండు ఊదులు కూడా తీసుకున్నాను. పెద్దవి రెండూ ఒకదానికొకటి 150 మిల్లీలీటర్ల లోపు ఉండాలి కదా. రెండో పెద్ద ఎఫ్‌వీసీ 2.04, ఎఫ్‌ఈవీ1 0.96. సరిపోయింది.

ఆ గుంట ఎందుకు పడుతుందో మన కాలువల భాషలో చెబితే తేలిగ్గా ఎక్కుతుంది. పది మళ్లు ఒకే మురుగు కాలువలోకి దిగుతున్నాయనుకోండి. కొన్ని బోదెలు శుభ్రంగా ఉన్నాయి, కొన్ని పూడికపడ్డాయి. శుభ్రమైనవి మొదట్లోనే ఖాళీ అయిపోతాయి, ఆ తర్వాత పూడికపడ్డ మళ్ల నీళ్లు చుక్కచుక్కగా వస్తూ ఉంటాయి. సన్నటి శ్వాసనాళాలు ఇరుకైన ఊపిరితిత్తి కూడా అంతే, అన్ని భాగాలూ ఒకే వేగంతో ఖాళీ కావు. దానికి తోడు, ఊపిరితిత్తి సాగుడు బిగువు పోతే నాళాన్ని తెరిచి పట్టుకునే లాగుడూ పోతుంది, గట్టిగా ఊదేకొద్దీ నాళమే నొక్కుకుపోతుంది. అందుకే వాలులోని ఈ భాగం ఎంత బలం పెట్టినా మారదు. కొన మాత్రం బలాన్ని బట్టి మారుతుంది. మళ్లీ మళ్లీ ఊదినా గుంట అదే చోట, అదే ఒంపులో వస్తే దాన్ని నమ్మవచ్చు.

ఇప్పుడు పక్కన ఇంకో కాగితం పెడతాను. కోనసీమ వైపు నుంచి వచ్చిన కొబ్బరి దింపు కార్మికుడిది. వయసు, ఎత్తు ఇంచుమించు అవే. ఎఫ్‌వీసీ 2.10, సరిగ్గా అదే అంకె. ఎఫ్‌ఈవీ1 మాత్రం 1.85, నిష్పత్తి 0.88. అంకె ఒకటే, బొమ్మలకు పోలికే లేదు. ఈయన తెరచాప సెకనుకు 6.8 లీటర్ల ఎత్తుకు లేచి, అక్కడి నుంచి గుంట లేకుండా వాలి సున్నాలో కలిసింది. సగం గాలి వదిలేసరికి కూడా వేగం 2.8 ఉంది. మిల్లు కార్మికుడికి అదే చోట 0.5. ఇది ఆకారం చెడని లూప్, రెండు పక్కల నుంచీ నొక్కి సన్నబరిచినట్టు ఉంటుంది. నావ పొట్టిదైంది, తెరచాప చిరగలేదు. మడి చిన్నది, బోదె బాగుంది, నీళ్లు త్వరగా ఖాళీ. గట్టిపడిన ఊపిరితిత్తి నాళాల్ని చుట్టూ లాగి తెరిచి పెడుతుంది కాబట్టి నిష్పత్తి ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువే వస్తుంది.

ఇక్కడ పుస్తకాల బొమ్మలతో ఒక తికమక ఉంది. వాటిలో అబ్‌స్ట్రక్షన్ లూప్ ఎడమకు జరిగి, రిస్ట్రిక్షన్ లూప్ కుడికి జరిగి ఉంటుంది. మా కాగితం మీద రెండూ సున్నా దగ్గరే మొదలవుతాయి. పుస్తకంలోని అడ్డగీత ఊపిరితిత్తిలో ఉన్న మొత్తం గాలిది, ఊదినా బయటికి రాకుండా మిగిలిపోయేదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ మిగులును స్పైరోమీటరు కొలవలేదు. కాబట్టి మన కాగితంలో జరగడం కోసం వెతకొద్దు, వెడల్పు, వాలు చూడండి.

ఆ కొలవలేకపోవడమే ఈ పరీక్ష హద్దు కూడా. కొబ్బరి కార్మికుడి రిపోర్టులో నేను రిస్ట్రిక్షన్ ఉందని రాయను, రిస్ట్రిక్షన్‌ను సూచిస్తోంది అని మాత్రం రాస్తాను. ఖాయం చేయాలంటే మొత్తం ఊపిరితిత్తి పరిమాణం కొలిచే వేరే పరీక్ష కావాలి. పైగా ఊపిరితిత్తి గట్టిపడినా, పక్కన నీరు చేరినా, ఊబకాయం ఉన్నా గాలి తగ్గుతుంది. ఏది కారణమో లూప్ చెప్పదు. ఆయన వీపు కింది భాగంలో చిటపట శబ్దం వినపడిందని డాక్టరుగారు సీటీ రాశారు, దారి అటు తిరిగింది.

మిల్లు కార్మికుడి 2.10 కూడా అంచనాలో 68 శాతమే కదా, ఆయనకు రిస్ట్రిక్షన్ కూడా ఉందా అని అడుగుతారు. తొందరపడకూడదు. పూడికపడ్డ మళ్లలో నీళ్లు నిలిచిపోయినట్టు గాలి లోపలే చిక్కుకుపోతే ఊది తీసిన గాలి తగ్గుతుంది. శ్వాసనాళాల్ని తెరిచే మందు సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు, అంటే నాలుగు పఫ్‌లు, స్పేసరుతో ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించాం. ఎఫ్‌వీసీ 2.32 అయ్యింది, ఎఫ్‌ఈవీ1 1.10. ఎఫ్‌వీసీలో పెరిగిన 220 మిల్లీలీటర్లు అంచనా 3.1 లీటర్లలో 7 శాతం, ఎఫ్‌ఈవీ1లో పెరిగిన 120 అంచనా 2.5లో 5 శాతం. ఇప్పటి లెక్కలో 10 శాతం దాటితేనే మందుకు స్పందించినట్టు. దాటలేదు, కానీ చిక్కుకున్న గాలి కొంత వదిలిందని ఎఫ్‌వీసీ చెబుతోంది. గుంట అలాగే ఉంది.

నన్ను ఎక్కువసార్లు మోసం చేసేది మూడో బొమ్మ, చేవ లేకుండా ఊదినది. కొన ఉండదు, గుండ్రటి దిబ్బ ఉంటుంది, ఎడమ అంచు నిలువుగా లేవక వాలుగా లేస్తుంది. నిండా పీల్చకుండానే ఊదితే లూప్ సన్నగా వచ్చి రిస్ట్రిక్షన్‌లా కనపడుతుంది. తేడా ఏంటంటే, నిజమైన రిస్ట్రిక్షన్ మూడుసార్లూ ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు పడుతుంది. సత్తువ పెట్టని ఊదులు మూడూ మూడు దార్లు. మొదటి సెకనులో దగ్గు వస్తే గీత మీద పళ్లు పళ్లుగా కనపడుతుంది, ఆ ఊదు పనికిరాదు. పైన, కింద రెండూ కోసినట్టు చదునుగా ఉంటే మాత్రం మనిషిని తప్పుపట్టకుండా గొంతు, శ్వాసనాళం దగ్గర అడ్డు ఉందేమో చూడమని రాస్తాను.

స్క్రీను మీద స్కేలు కూడా చూసుకోండి. అడ్డంగా ఒక లీటరు ఎంత ఉంటే, నిలువుగా సెకనుకు రెండు లీటర్లు అంతే పొడవు ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు చిన్న లూప్‌ను కాగితం నిండేలా సాగదీస్తాయి. అప్పుడు ఒక లీటరు ఎఫ్‌వీసీ ఉన్న మనిషి లూప్ కూడా బలిసిన నావలా కనపడుతుంది. మా దాంట్లో ఆ ఆటోస్కేల్ ఆపేయించాను. ఉదయం మూడు లీటర్ల సిరంజితో సరిచూసినప్పుడు 2.91కీ 3.09కీ మధ్య రాకపోతే ఆ రోజు మొదటి పేషెంటును కూర్చోబెట్టను.