నోట్‌బుక్‌లో లేని పేరు

"నీ కూలి ఎంతమ్మా?" అంటే, "ఆయన్ని అడుగక్కా" అంది.

మంచినీళ్ల కోసం వచ్చింది. కరకంబాడి రోడ్డులో మా పక్కన కడుతున్న ఇంటికి ఇటుకలు మోస్తోంది. సొంతూరు ఒడిశాలో రాయగడ వైపు. మేస్త్రీ నోట్‌బుక్‌లో మొగుడి పేరు పక్కన 'జోడీ' అని మాత్రమే ఉంటుంది. ఇద్దరి డబ్బూ అతని చేతికే.

భవన కార్మికుల కార్డుకు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. పేరే లేని మనిషి ఏం చూపిస్తుంది?

మేస్త్రీని కదిపితే, "మన ఊరి ఆడోళ్లకి పేర్లు రాస్తన్నా, ఒడిశా మగోళ్లకీ రాస్తన్నా. తేడా ఏడుంది మేడమ్?" అన్నాడు. అబద్ధమేం కాదు. ఆడమనిషీ, ఒడిశా మనిషీ రెండూ అయిన ఈమె మాత్రం రెండు లెక్కల మధ్యా జారిపోయింది.

1976లో ఒక అమెరికా కోర్టు అచ్చం ఈ మేస్త్రీలాగే మాట్లాడింది. కంపెనీలో ఆడవాళ్లున్నారు (అందరూ తెల్లవాళ్లే), నల్లవాళ్లున్నారు (అందరూ మగవాళ్లే), ఇంక నల్లజాతి ఆడవాళ్లకు వేరే ఫిర్యాదేమిటని. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా 1989లో ఆ కేసునే ముందుపెట్టి, ఇలా రెండు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడటానికి ఇంటర్‌సెక్షనాలిటీ అన్న మాట తెచ్చింది.

సాయంత్రం మళ్లీ బాటిల్ పట్టుకొచ్చింది. పేరు అడగాలని అప్పటిదాకా నాకూ తోచలేదు.