సూదంటురాయి, గిన్నెడు నీళ్ళు

ఆదివారం. పొద్దున్నుంచీ మబ్బు, సూర్యుడి జాడే లేదు. ఇంట్లోనే ఒక దిక్సూచి చేద్దామని వారంగా అనుకుంటున్నాను, ఆ పని ఈరోజు చేశాను. కుట్టుపెట్టెలోని సూదిని, పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతంతో ఒకే వైపుకు నలభై సార్లు రుద్దాను.

1088 ప్రాంతంలో చైనా పండితుడు షెన్ కువో ఈ పని గురించే రాశాడు. అప్పట్లో సూదిని సూదంటురాయితో రుద్దేది నావికులు కాదు, శకునాలూ స్థలాలూ చూసి చెప్పేవాళ్ళు. అంతకు వెయ్యేళ్ళ ముందు, హాన్ రాజుల కాలంలో, నేల మీద వేస్తే పిడి దక్షిణం చూపే గరిటె ఒకటి ఉండేదని వాంగ్ చుంగ్ రాశాడు. అది సూదంటురాయితో చేసినదేనా అన్న విషయంలో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. సూది సంగతిలో మాత్రం ఆ సందేహం లేదు. అది సరిగ్గా దక్షిణం చూపదనీ, కాస్త తూర్పుకు ఒరుగుతుందనీ కూడా షెన్ కువో గమనించాడు. అంత ఓపికగా చూసిన మనిషి మీద నాకు చాలా గౌరవం.

సూదిని నీళ్ళలో తేలిస్తే ఊగిసలాడుతుందని, గోటి మీదో గిన్నె అంచు మీదో నిలిపితే జారిపోతుందని, దారానికి వేలాడదీయడమే మేలని ఆయన అన్నాడు. కొత్త పట్టుపోగు ఒక్కటి తీసుకుని, ఆవగింజంత మైనంతో సూది నడుముకు అతికించి, గాలి లేని చోట వేలాడదీయాలట. నేను నూలుదారంతో కట్టాను. సూది ఆగకుండా తిరిగింది. కారణం కాసేపటికి తెలిసింది: మన దారం పేనినది, పురి విప్పుకుంటూ సూదిని తనతో తిప్పేస్తుంది. పట్టుపోగుకు పురి ఉండదు. ఒంటిపోగు అని ఆయన ఎందుకంత పట్టుబట్టాడో అప్పుడు అర్థమైంది.

తరువాత సూదిని చిన్న థర్మోకోల్ ముక్కకు గుచ్చి గిన్నెలో వదిలాను. మెల్లగా తిరిగి, ఉత్తర దక్షిణాలుగా నిలిచింది. గిన్నె పట్టుకుని వసారాలో నడిచాను. నీళ్ళు తొణికినా సూది కాస్త అదిరి మళ్ళీ అదే దిక్కుకు వచ్చింది. దారానికి కట్టిన సూది నా రెండడుగులకే గిరగిరా తిరిగిపోయింది. గదిలో శకునం చూసేవాడికి పట్టుపోగు మేలు కావచ్చు. కదిలే ఓడలో మాత్రం సూది ఊపును నీరే అణిచిపెడుతుంది. 1123లో కొరియాకు వెళ్ళిన రాయబారి బృందంలోని షూ జింగ్, ఆకాశం మూసుకుపోయినప్పుడు తమ ఓడలో వాడినది నీటిలో తేలే సూదినేనని రాశాడు.

గ్వాంగ్‌జౌ ఓడల చుక్కానివాళ్ళ గురించి 1119 నాటి రచనలో ఝూ యూ చెప్పిన మాట నాకు మరీ ఇష్టం. రాత్రి నక్షత్రాలను చూస్తారు, పగలు సూర్యుణ్ణి చూస్తారు, మబ్బు కమ్మితే సూదిని చూస్తారు. తాడుకు కొక్కెం కట్టి సముద్రం అడుగు బురద తీసి, దాని వాసన చూసి ఎక్కడున్నారో పోల్చుకుంటారు కూడా. సూది వచ్చిందని వాళ్ళు పాత విద్యలు వదల్లేదు.

అయిదింటికి మబ్బు విడిచి, పడమటి కిటికీలోంచి ఎండ వసారాలోకి వచ్చింది. గిన్నెలో సూది ఆ వెలుగుకు అడ్డంగా నిలిచి ఉంది.