కాలువ వాలు కాగితం మీద పెరిగిన కథ

పోల్ మీద పెట్టి నడిపే జీపీఎస్ పరికరం రోవర్ తెరమీద ఎత్తు మైనస్ 20.68 మీటర్లు అని కనిపించగానే నేను మొదట అనుమానించింది యాంటెనా ఎత్తును. పోల్ 2 మీటర్లు, నమోదు చేసిందీ 2 మీటర్లే. రోవర్‌కు దిద్దుబాట్లు పంపే స్థిర పరికరం బేస్ దగ్గరికి వెళ్లి టేపు పెట్టి మళ్లీ కొలిచాను. అదీ సరిగ్గానే ఉంది. కాళ్ల కింద ఉన్న, కాలువ నీటిని అదుపు చేసే రెగ్యులేటర్ గోడ మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు చెప్పే పాత బెంచ్ మార్క్ చెక్కి ఉంది: 61.420. సముద్రానికి అరవై మీటర్ల పైన ఉన్న రాయి మీద పరికరం పెడితే, సముద్రానికి ఇరవై మీటర్ల కింద ఉన్నానని అది చెబుతోంది.

అది ప్రకాశం జిల్లాలో, సాగర్ కుడి కాలువ ఆయకట్టులోని ఒక మేజరు, అంటే పెద్ద పంపిణీ కాలువ. తల నుంచి చివర దాకా 12 కిలోమీటర్లు, దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. ఆధునికీకరణ పనుల కోసం కాలువ పొడవునా మట్టాలు చూపే పటం, ఎల్-సెక్షన్, తీయమని ఒక చిన్న సర్వే సంస్థ తరఫున నన్ను పంపారు. అంతకు ముందు డీజీపీఎస్‌తో హద్దులు కొలిచానే తప్ప మట్టాలు తీయలేదు. హద్దుల పనిలో ఎత్తు గడి వైపు ఎవరూ చూడరు.

కుతూహలం కొద్దీ నా ఆండ్రాయిడ్ ఫోనులో ఒక చిన్న యాప్ తెరిచాను. మైనస్ 17 చూపించింది. పక్కనున్న సహాయకుడి ఐఫోను 64 అంది. ఫోను జీపీఎస్‌లో ఎత్తు అయిదారు మీటర్లు అటూ ఇటూ కావడం మామూలే. ఎనభై మీటర్ల తేడా మాత్రం పొరపాటు వల్ల రాదు. రెండు ఫోన్లూ నిజమే చెబుతున్నాయి, కాకపోతే వేర్వేరు సున్నాల నుంచి కొలుస్తున్నాయి. ఆండ్రాయిడ్ యాప్‌లకు మామూలుగా అందించేది భూమికి గణితం వేసిన, ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నునుపైన బంతి ఆకారం, అంటే ఎలిప్సాయిడ్, పైనుంచి ఎత్తు. ఐఫోను సముద్ర మట్టం పైనుంచి ఎత్తు చెబుతుంది. ఉపగ్రహాలకు సముద్రం తెలియదు. అవి మనకిచ్చేది భూకేంద్రం నుంచి లెక్కించిన స్థానమే. దాన్ని ఎత్తుగా చెప్పాలంటే ఏదో ఒక ఉపరితలం కావాలి, లెక్కకు సులువైనది ఎలిప్సాయిడ్.

మ్యాపు మీది ఎత్తులు, బెంచ్ మార్కులు అలా పుట్టినవి కావు. తీరంలో ఏళ్ల తరబడి అలల మట్టం చూసి, అక్కడి నుంచి లెవెల్ పరికరంతో అంగుళం అంగుళం లోపలికి మోసుకొచ్చినవి. లెవెల్‌లోని బుడగ గురుత్వాకర్షణను అనుసరిస్తుంది కాబట్టి ఆ ఎత్తుల సున్నా కూడా గురుత్వాకర్షణ గీసిన ఉపరితలమే. కదలకుండా నిలిచిన సముద్రం ఖండాల కింద కూడా పరుచుకుని ఉంటే ఎలా ఉంటుందో, అది జియాయిడ్. భూమి లోపల బరువు అన్ని చోట్లా ఒకేలా లేదు కాబట్టి అది నునుపుగా ఉండదు, గుంటలు పడి, ఉబ్బి ఉంటుంది. ప్రపంచంలోకెల్లా లోతైన గుంట మన పొరుగునే ఉంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కు దాదాపు 106 మీటర్లు కిందికి దిగుతుంది. దక్షిణ భారతమంతా ఆ గుంట అంచున వాలి కూర్చుంది.

ఈ రెండింటి సంబంధం ఒక్క గీతలో చెప్పవచ్చు. h అంటే జీపీఎస్ ఇచ్చే ఎత్తు, H అంటే మ్యాపు ఎత్తు, N అంటే ఆ చోట ఎలిప్సాయిడ్ నుంచి జియాయిడ్ ఎంత ఎత్తున ఉందో ఆ అంకె.

```
H = h - N
61.420 = -20.680 - (-82.100)
```

మన దగ్గర N రుణ సంఖ్య. కాబట్టి తీసివేయడం అంటే కలపడమే. ఈ గుర్తును తారుమారు చేసి రెగ్యులేటర్‌ను మైనస్ నూటమూడు మీటర్లకు దించిన వాడిని నేనొక్కడినే కానని తర్వాత తెలిసింది.

ఇంతవరకు అర్థమయ్యాక నాకు ధైర్యం వచ్చింది. నిజానికి తప్పు అక్కడే మొదలైంది. తల దగ్గర తేడా 82.10 అని తేలింది కదా, ఎక్సెల్‌లో ఎత్తుల నిలువు గడి మొత్తానికి 82.10 కలిపేశాను. బెంచ్ మార్క్ మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, దాన్ని బట్టే కదా కలిపింది! మూడు రోజుల్లో 12 కిలోమీటర్లూ తీసి, కాలువ అడుగు మట్టాలు, బెడ్ లెవెళ్లు, గీసి ఇచ్చాను. వాలు 6,500కి 1 వచ్చింది, అంటే 6,500 మీటర్లకు ఒక మీటరు దిగుడు.

పని చూసే ఇంజనీరు డీఈ గారు పాత డిజైన్ నకలు పక్కన పెట్టుకుని చూశారు. అందులో వాలు 8,000కి 1.

"పూడిక తీస్తే వాలు ఇంత పెరుగుతుందా?" అని అడిగారు.

"పాత సర్వేలో తేడా ఉండవచ్చు సార్" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"చివర నీళ్లు మెట్టులా దిగే కట్టడం, డ్రాప్, మీద కూడా ఒక మార్క్ ఉంటుంది. దాన్ని కలిపి చూశారా?"

చూడలేదు. మర్నాడు వెళ్లాను. ముళ్లకంప కింద మార్క్ చూపించింది ఆ మేజరు నీళ్లు చూసుకునే లష్కర్. దాని మీద 59.920. నా లెక్క ప్రకారం 59.570. ముప్పై అయిదు సెంటీమీటర్లు తక్కువ.

"బాబాయ్, ఈ కట్టడం ఎప్పుడైనా పైకి లేపి కట్టారా?" అని అడిగాను.

"లేదు బాబూ. నా ఇరవై ఏళ్లలో దీనికి సున్నం కూడా వేయలేదు. అయినా మీ కాగితంలో వాలు బాగుందంటున్నారట, ఇక్కడ చూస్తే చివరి రెండు కిలోమీటర్లు నీళ్లు నడవలేక నడుస్తాయి" అన్నాడు.

ఎవరిది తప్పో తేలాలంటే పాత పద్ధతే గతి. ఆటో లెవెల్, స్టాఫ్ పట్టుకుని తల నుంచి చివరకు, చివర నుంచి తలకు లెవెలింగ్ చేశాం. నాలుగు రోజులు, ఎండలో. 12 కిలోమీటర్లకు మామూలు లెవెలింగ్‌లో నాలుగు సెంటీమీటర్ల దాకా ముగింపు తేడా ఒప్పుకుంటారు. మాది దానిలోపే వచ్చింది. రెండు మార్కుల మధ్య దిగుడు 1.512 మీటర్లు. పాత మార్కుల ప్రకారం 1.500. పాతవాళ్లు సరిగ్గానే ఉన్నారు. నా జీపీఎస్ దిగుడు 1.85. ఆ రెండు మార్కుల మీద పరికరాన్ని గంటన్నర చొప్పున కదలకుండా పెట్టి మళ్లీ లెక్కించినా అదే 1.85. అంటే జీపీఎస్ కూడా తప్పు చేయలేదు.

మిగిలింది నేను కలిపిన 82.10. తల దగ్గర అది నిజం. చివర దగ్గర? మైనస్ 22.53 నుంచి 59.92 తీసేస్తే మైనస్ 82.45. పన్నెండు కిలోమీటర్లు దక్షిణానికి వెళ్లేసరికి జియాయిడ్ మరో 35 సెంటీమీటర్లు గుంటలోకి దిగింది. కిలోమీటరుకు మూడు సెంటీమీటర్లు. కాలువ వాలే కిలోమీటరుకు పన్నెండున్నర సెంటీమీటర్లయినప్పుడు ఇది చిన్న అంకె కాదు.

నాకు ఈ విషయం ఒంటపట్టింది సముద్రాన్ని తలచుకున్నాక. కలకత్తా నుంచి చెన్నైకి తీరం వెంట వస్తుంటే జియాయిడ్ దాదాపు ముప్పై మీటర్లు దిగుతుంది. ఎలిప్సాయిడ్ ఎత్తుల్లో చూస్తే కలకత్తా దగ్గరి బంగాళాఖాతం చెన్నై దగ్గరి దానికంటే పది అంతస్తుల ఎత్తులో ఉంది. అయినా నీళ్లు అటు నుంచి ఇటు దుమకవు. నీటి లెక్కలో ఆ రెండు చోట్లా ఒకటే మట్టం. నా కాలువకు నేను చూపిన అదనపు 35 సెంటీమీటర్లు కూడా అలాంటి దిగుడే. కాగితం మీద ఉంటుంది, నీటికి తెలియదు. అది తెలియక డిజైన్ చేస్తే ఏమవుతుందో డీఈ గారు అక్కడికక్కడే లెక్క వేశారు. ప్రవాహం వాలు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నా వాలు నమ్మితే అదే కాలువ 11 శాతం ఎక్కువ నీరు మోస్తుందని కాగితం చెబుతుంది. ఆ 11 శాతం కొరత పడేది చివరి రైతుకే. కాలువ దక్షిణం నుంచి ఉత్తరానికి పారి ఉంటే ఇదే తప్పు తిరగబడేది, వాలు ఉన్నదానికంటే తక్కువ కనిపించేది.

ఆ తర్వాత జియాయిడ్ నమూనా వాడి మళ్లీ లెక్కించాను. నా సాఫ్ట్‌వేర్‌లో EGM2008 ఉంది. గురుత్వాకర్షణ కొలతలను, ఉపగ్రహ సమాచారాన్ని కలిపి తయారుచేసిన ఈ ప్రపంచ నమూనా ఏ అక్షాంశ రేఖాంశాలకైనా N చెబుతుంది. తల దగ్గర మైనస్ 82.31 ఇచ్చింది, చివర మైనస్ 82.64. అంటే నేను కొలిచినదానికి రెండు చోట్లా ఇరవై సెంటీమీటర్ల దరిదాపులో దూరంగా ఉంది. మొదట నిరాశపడ్డాను. జాగ్రత్తగా చూస్తే దాని దిగుడు 33 సెంటీమీటర్లు, నేను కొలిచింది 35. నిలువునా మొత్తం కాస్త జరిగి ఉన్నా వంపు దాదాపు సరైనదే.

ఆ జరుగుడుకు కారణం నమూనా లోపం ఒక్కటే కాదు. మన పాత బెంచ్ మార్కుల సున్నా 1909లో స్థిరపడింది. కరాచీ నుంచి ఫాల్స్ పాయింట్ దాకా తొమ్మిది రేవుల్లో కొలిచిన సగటు సముద్ర మట్టాలన్నిటినీ సున్నాగా పట్టుకున్నారు. వాటిలో విశాఖపట్నం, మద్రాసు కూడా ఉన్నాయి. ప్రవాహాలు, ఉప్పదనం, వేడి వల్ల సగటు సముద్రం కూడా ప్రతి రేవులో సరిగ్గా జియాయిడ్ మీదే ఉండదు. కాబట్టి మన సున్నాకూ ప్రపంచ నమూనా సున్నాకూ కొన్ని పదుల సెంటీమీటర్ల ఎడం రావడంలో వింత లేదు.

అందుకని నమూనాను వంపు కోసం, బెంచ్ మార్క్‌ను సున్నా కోసం నమ్మాను. ప్రతి బిందువు దగ్గరా నమూనా ఇచ్చిన N తీసుకుని, దానికి తల దగ్గర తేలిన 0.21 కలిపాను. తల 61.420 వచ్చింది, అది రావలసిందే. లెక్కలో కలపకుండా పరీక్షకు అట్టిపెట్టిన చివరి మార్క్ 59.900 వచ్చింది. రెండు సెంటీమీటర్ల తేడా. వాలు 7,900కి 1.

ఇప్పుడు ఏ పనిలోనైనా రెండో మార్క్ దొరికేదాకా ఎత్తులు ఎవరికీ ఇవ్వను. తేడా అన్ని చోట్లా ఒకేలా ఉంటే యాంటెనా ఎత్తో, బేస్ అంకెలో చూస్తాను. దూరంతో పాటు పెరుగుతూ పోతే N స్థిరంగా పెట్టారని అనుమానిస్తాను. ఎనభై మీటర్లకు పైగా ఉంటే దిద్దుబాటు జరగనే లేదు, లేదా పరికరం ఒకసారి, సాఫ్ట్‌వేర్ మరోసారి రెండుసార్లు చేశాయి. ఈ రెండోది డ్రోన్ వాళ్ల ఫైళ్లలో రెండుసార్లు చూశాను. అప్పుడు పరికరం తన స్థానాన్ని కామాలతో విడదీసిన గడులుగా వెలువరించే GGA వాక్యం తెరిచి చూస్తే తెలిసిపోతుంది. పేరు తర్వాత తొమ్మిదో గడిలో సముద్ర మట్టపు ఎత్తు, పదకొండో గడిలో అది వాడిన N ఉంటాయి.

సవరించిన ఎల్-సెక్షన్ తీసుకెళ్లినప్పుడు డీఈ గారు వాలు చూసి ఏమీ అనలేదు. డ్రాయింగ్ కింది మూలలో ఖాళీ చూపించి, ఏ నమూనా, ఎంత జరిపాను, ఏ రెండు మార్కులతో సరిచూశాను అన్నది అక్కడ రాసి తెమ్మన్నారు.