అతుకు దగ్గర దొరికిపోయిన నీలం ప్లేటు

స్టోక్-ఆన్-ట్రెంట్‌లో ఉద్యోగానికి చేరి ఏడాది తిరక్కుండానే నాకూ పింగాణీ పిచ్చి పట్టుకుంది. ఇక్కడ ఆదివారాలు కారు డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముకునే సంత ఒకటి జరుగుతుంది. అందులో ఒకాయన దగ్గర నీలం తెలుపు ప్లేటు కనబడింది. పైన రెండు పిట్టలు, వంతెన మీద ముగ్గురు మనుషులు, ఒరిగిన విల్లో చెట్టు. "చైనాది, చేత్తో వేసింది, రెండొందల ఏళ్ళ నాటిది" అన్నాడు. 35 పౌండ్లు ఇచ్చి తెచ్చేసుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ ఒక్క చూపు చూసి, "పక్కింటావిడ గోడ మీద ఉన్నది ఇదే కదండీ?" అంది. అడిగి తెచ్చి పక్కపక్కన పెట్టాం. పిట్ట రెక్క వంపు దగ్గర్నుంచి వంతెన రాళ్ళ లెక్క దాకా రెండూ ఒకటే. చేత్తో వేస్తే అంత అచ్చంగా రాదు. అప్పటికింకా నాకు మనసొప్పలేదు. పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం కొన్నాను.

మొదట అంచు మీది ముదురు నీలంలో వెతికి ఏమీ కనిపెట్టలేకపోయాను. అక్కడంతా ఒకే ముద్ద. చూడాల్సింది లేత నీలం ఉన్నచోట. చెట్టు కింద నీడని చూస్తే గుట్టు బయటపడింది. దూరం నుంచి పలచటి రంగులా కనిపించేదంతా చుక్కలే! మొదలు దగ్గర ఒత్తుగా, పోనుపోను ఎడంగా. అంటే ఇది కుంచెతో వేసింది కాదు, అచ్చు వేసింది. చుక్కలకి కారణం తర్వాత తెలిసింది. రాగి పలక మీద చెక్కిన బొమ్మకి పూసేది ఒకే సిరా. లేతగా కావాలంటే చెక్కేవాడు చిన్న చుక్కలు దూరదూరంగా పొడవాలి, ముదురుగా కావాలంటే లోతుగా, దగ్గరగా చెక్కాలి. తొలినాటి ముద్రణల్లో దాదాపు అన్నీ గీతలే. చుక్కలు 1800 తర్వాత బాగా వాడుకలోకి వచ్చాయి. నా ప్లేటు మీది పిట్టలూ వంతెనా విల్లో చెట్టూ ఉన్న ఈ విల్లో నమూనా కూడా చైనాది కాదు, చైనా బొమ్మల పోలికలో 1790 ప్రాంతంలో ఇంగ్లండులోనే పుట్టింది.

పక్కనే బర్స్‌లెమ్‌లోని మిడిల్‌పోర్ట్ పాటరీలో ఈ పని ఇప్పటికీ చేస్తారు, వెళ్ళి చూశాను. నీలం రంగునిచ్చే కోబాల్ట్ కలిపిన జిడ్డు సిరాని రాగి మీంచి పలచటి టిష్యూ కాగితం మీదికి అచ్చు తీస్తారు. ఆ కాగితాన్ని కత్తిరించి, ఒకసారి కాల్చిన ప్లేటు మీద పరిచి, గట్టి బ్రష్‌తో రుద్దుతారు. తర్వాత కాగితాన్ని కడిగేసి, కాల్చాక గాజులా మెరిసే గ్లేజు పూతలో ముంచి మళ్ళీ కాలుస్తారు. రంగు గ్లేజు కిందే ఉండిపోతుంది కాబట్టి వేలితో తడిమితే ఏమీ తెలియదు. చేత్తో వేసిన నీలమూ గ్లేజు కిందే ఉంటుంది, అందుకే తడిమి తేల్చుకోవడం కుదరదు.

అక్కడ నాకు పనికొచ్చింది అంచు కాగితం. నడిమి బొమ్మ వేరు, అంచు వేరు. తిన్నటి పట్టీని గుండ్రటి అంచు చుట్టూ తిప్పితే ఎక్కడో ఒకచోట అతుకు పడాల్సిందే. ఇంటికొచ్చి చూస్తే గడియారంలో నాలుగు ఉండే చోట ఒక పువ్వు సగానికి తెగి, దాని మీదికి ఇంకో పువ్వు ఎక్కి ఉంది. కాస్త అవతల సన్నటి తెల్ల చార, కాగితం ముడతపడ్డ గుర్తు. పెడన అచ్చు కలంకారీ చీరలో అచ్చుకీ అచ్చుకీ మధ్య గీత కలవకపోతే మా అమ్మ ఇట్టే పట్టేసేది. నేను 35 పౌండ్లు పోశాక పట్టాను.

మరి చేత్తో వేసింది ఎలా ఉంటుంది? ఒక వేలంపాట ముందురోజు సరుకు చూడనిస్తే, 18వ శతాబ్దంలో చైనా నుంచి ఎగుమతైన ప్లేటు చేతికి దొరికింది. ఆకు ఒక్కటే చూశాను. కుంచె ఆనిన చోట లావు, లాగిన కొద్దీ సన్నం, ఎత్తిన చోట చిన్న నీలం బొట్టు గడ్డకట్టింది. ఒక పూత మీద ఇంకో పూత పడ్డచోట నీలం ముదిరింది. అంచులోని గళ్ళు చుట్టూ తిరిగొచ్చేసరికి చివరి రెండూ ఇరుకైపోయాయి. చోటు చాలదని చిత్రకారుడికి ముందే తెలిసి సర్దుకున్నాడు. కాగితానికి ఆ తెలివి లేదు, అది తెగుతుంది.

అంతలో ముదురు నీలంలో నల్లటి చుక్కలు కనబడ్డాయి. "ఇదీ అచ్చేనా?" అన్నాను. అక్కడి ముసలాయన నవ్వి, చుక్కలు రంగు మందంగా ఉన్నచోట ఉన్నాయా, పలచగా ఉన్నచోటా అని అడిగాడు. మందంగా ఉన్నచోటే ఉన్నాయి. అవి సరిగా నూరని కోబాల్ట్ పలుకులు. అచ్చు చుక్కలు నీడ కోసం లేత చోట్ల వరసగా దిగుతాయి, ఈ పలుకులకి వరసా లేదు, పనీ లేదు. అదే గ్రాఫు కాగితంలా గళ్ళు కట్టిన చుక్కలైతే ఫోటో పద్ధతిలో తీసిన ఈకాలపు అచ్చని ఆయనే చెప్పాడు.

ప్లేటు ఇప్పుడు హాల్లో ఉంది. అతుకు నాలుగింటి దగ్గర కాకుండా పన్నెండింటి దగ్గరికి వచ్చేలా తిప్పి తగిలించాను.