తల తిరిగితే తీగ

"అడ్డం 7. తల తిరిగితే తీగ దొరుకుతుంది (2)."

మా నాన్నగారు ఫొటో తీసి పంపిన వారపత్రిక పజిల్ పేజీలోది ఈ ఆధారం. పంపింది మా అమ్మాయి కోసం. తను తెలుగు చక్కగా మాట్లాడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది, ఆలోచించేది మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో. పరాయి దేశంలో పిల్లల్ని పెంచే ఇళ్ళన్నిటిలో వినిపించే మాటే తనూ అంటుంది: "అమ్మా, దీన్ని ఇంగ్లీషులో చెప్పు."

మిగతా విషయాల్లో చెప్పేస్తాం. ఇక్కడ చెప్పడానికి వీల్లేదు. ఈ వాక్యాన్ని మాటకి మాట ఇంగ్లీషులోకి మారిస్తే, ఎవరికో కళ్ళు తిరిగాయి, ఏదో తీగ చేతికి దొరికింది అన్న అర్థం మాత్రమే మిగులుతుంది. దానికి జవాబు లేదు, ఎందుకంటే ఆధారంలోని కిటుకు అర్థంలో లేదు, అక్షరాల్లో ఉంది. "తల" అన్న మాటని తిప్పి రాస్తే "లత". లత అంటే తీగ. తల తిరగడమంటే మనిషికి కళ్ళు తిరగడం అనుకున్నంతసేపూ దారి తప్పుతాం. తిరిగింది మనిషి తల కాదు, "తల" అనే రెండక్షరాల మాట.

తల తిరగడం అన్న నానుడి ఇంగ్లీషులోనూ దాదాపు అలాగే ఉంది. కాబట్టి పై అర్థం పిల్లలకి వెంటనే అందుతుంది, అయినా లాభం లేదు. "హెడ్" స్పెల్లింగ్‌ని వెనక నుంచి చదివితే ఏ మాటా రాదు. నానుడి రెండు భాషల్లోనూ కలిసినా అక్షరాలు కలవవు. శ్లేష గురించి మాట్లాడేటప్పుడు మనం నానుడుల దగ్గరే ఆగిపోతాం. పజిల్‌లో అసలు చిక్కు అంతకంటే కింద, అక్షరం దగ్గర ఉంటుంది.

చాలామంది తల్లిదండ్రులు పిల్లల సౌకర్యం కోసం తెలుగు మాటని ఇంగ్లీషు లిపిలో రాసి ఇస్తారు. అర్థం మార్చలేదు కదా, శబ్దం అలాగే ఉంది కదా అనుకుంటారు. కానీ "తల"ని ఇంగ్లీషు లిపిలో రాసి వెనక నుంచి చదివితే "అలత్" వస్తుంది, లత రాదు. తెలుగు పజిల్‌లో ఒక గడికి ఒక అక్షరం. గుణింతమైనా, ఒత్తు ఉన్నా, సున్నా చేరినా అది ఒకే గడి. "నంది" తిరగబడితే "దినం", అంటే రోజు. ఇక్కడ "నం" మొత్తంగా కదులుతుంది, సున్నాతో సహా. ఇంగ్లీషు లిపిలో హల్లు, అచ్చు విడిపోతాయి కాబట్టి ఆ తిరుగుడు పాడైపోతుంది. ఎటు చదివినా ఒకేలా ఉండే మాట అంటే మనకి మొదట గుర్తొచ్చే "వికటకవి" సంగతీ అంతే. ఇంగ్లీషు లిపిలో రాస్తే అది ఎటు చదివినా ఒకేలా ఉండదు. దీనికి సరిగ్గా ఎదురుది "మలయాళం". ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో అది ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, తెలుగులో రాస్తే కాదు. మా అమ్మాయికి ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూపించాను. ఆ తర్వాత పజిల్‌ని ఇంగ్లీషు లిపిలో రాసివ్వమని తను అడగలేదు.

అందుకే మా ఇంట్లో ఆధారాన్ని అనువదించం, విప్పి చూపిస్తాం. ఇలాంటి ఆధారంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి నేరుగా అర్థం చెప్పే ముక్క, రెండోది అక్షరాలతో ఏం చెయ్యాలో చెప్పే ముక్క. పైదాంట్లో "తీగ" నేరు అర్థం, "తల తిరిగితే" చెయ్యాల్సిన పని. అర్థం చెప్పే ముక్క ఏది అయి ఉండచ్చో తననే వెతకమంటాను. అది సాధారణంగా వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. తర్వాత పని చెప్పే మాటలు. తిరగబడింది, వెనక్కి నడిచింది, అటునుంచి వచ్చింది అంటే అక్షరాలు వెనక నుంచి. తడబడింది, కలగాపులగం అయింది అంటే అక్షరాల వరస మారింది. తల లేదు అంటే మొదటి అక్షరం తీసెయ్యాలి, తోక తెగింది అంటే చివరిది. "తల తెగిన కిరణం యుద్ధం చేస్తుంది (2)" అని ఉంటే "కి" పోయి "రణం" మిగులుతుంది. ఈ పని మాటలకి మాత్రం ఇంగ్లీషు అర్థం చెప్పడంలో తప్పులేదు, చెప్పాలి కూడా. అవి ఆట నియమాలు. జవాబుకి ముడిసరుకైన మాటల్ని మాత్రం తెలుగులోనే ఉంచాలి.

అన్ని ఆధారాలకీ ఇంత అవసరం లేదు. అదే పేజీలో లతలోని "ల" నుంచి కిందికి దిగే నిలువు మాటకి ఆధారం "ఉప్పు (3)". ఇందులో కిటుకేమీ లేదు, నిస్సంకోచంగా ఇంగ్లీషులో చెప్పచ్చు. పిల్లకి తెలియాల్సింది ఉప్పుకి తెలుగులోనే ఇంకో పేరుందని. లవణం. ఈ ఒక్క గడి వల్లే ఇంకో సంగతి కూడా తేలుతుంది. అడ్డం జవాబుని మనకి నచ్చినట్టు మార్చుకోలేం. "ల" ఉంటేనే లవణం మొదలవుతుంది. గడి నిండాలంటే జవాబు తెలుగులోనే ఉండాలి, అదే మాట అయి ఉండాలి. ఆధారానికి ఎంత అందమైన ఇంగ్లీషు బదులు దొరికినా అది గళ్ళలో పట్టదు.

మరి బదులు వెతకడం దండగా? కాదు. గడి నింపడం ఒక పని, ఆ సరదా పిల్లకి అందించడం ఇంకో పని. ఈ రెండింటినీ కలపకూడదన్నదే నా పట్టుదల. గళ్ళు తెలుగులో నిండాక, లేదా పిల్ల మరీ విసిగిపోయినప్పుడు, అదే కిటుకు తన భాషలో ఎలా ఉంటుందో చూపిస్తాను. తల తిరిగితే తీగకి నేను ఇచ్చిన బదులు "స్ట్రెస్డ్". దాని స్పెల్లింగ్ వెనక నుంచి చదివితే "డెసర్ట్స్" వస్తుంది. టెన్షన్ పడ్డ మనిషి వెనక్కి తిరిగితే మిఠాయిలు కనబడ్డాయని ఆధారం చెయ్యచ్చు. తీగ లేదు, లత లేదు, తల కూడా లేదు. కానీ మనిషి అవస్థలా కనిపించే మాట నిజానికి అక్షరాల్ని తిప్పమని చెప్పడం రెండింటిలోనూ ఉంది. మాట పోయినా పని మిగలాలి. బదులు ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే.

శ్లేష మీద నడిచే ఆధారాలకి కూడా ఇదే కొలత. "ఏడవమని చెప్పే అంకె (2)" అంటే ఏడు. రోజూ "ఏడవకు" అని వినే పిల్లకి ఇది ఒక్క క్షణంలో తట్టింది, నేను నోరు విప్పే అవసరమే రాలేదు. దీన్ని ఇంగ్లీషు మాత్రమే తెలిసిన తన స్నేహితురాలికి ఎలా చెప్పాలని అడిగింది. ఏడుని ఏడుగానే ఉంచి చెప్తే ఆ పిల్లకి అర్థం కాదు, ఇంగ్లీషులో ఆ అంకె ఎవర్నీ ఏడిపించదు. అక్కడ తినే అంకె ఒకటుంది. ఎనిమిదికి వాడే మాట, "తిన్నాడు" అనడానికి వాడే మాట చాలామంది నోట ఒకేలా పలుకుతాయి, స్పెల్లింగ్ వేరు. కాబట్టి "భోజనం అయిపోయినట్టు వినిపించే అంకె" అని చెప్పమన్నాను. అంకె మారింది, చేసే పని మారింది. ఒక అంకె లోపల ఒక మనిషి పని దాక్కుని ఉండటం మారలేదు.

కొన్నిటికి ఏ బదులూ ఉండదు. పద్యపాదంలో ఖాళీ వదిలినవి, సామెత సగం ఇచ్చి మిగతాది అడిగినవి అలాంటివి. అవి విప్పి చూపించడానికి వీలైన కిటుకులు కావు, ఆ పద్యం విని ఉండాలంతే. వాటికి నేను ఇంగ్లీషు జోలికి పోను. "ఇది తాతయ్యని అడుగు" అంటాను. ఆయన ఆ పద్యం మొత్తం చదివి వినిపిస్తారు, దానికి గడి ఒక సాకు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులు కూర్చుని పజిళ్ళు అల్లిన భాష మనది. పద్యం తెలిసినవాళ్ళ ఆటగానే అది పెరిగింది కాబట్టి ఆ భాగాన్ని సులువు చేసి ఇవ్వాలని నాకు అనిపించదు.

ఫొటో విషయం కూడా చెప్పాలి, సగం చిక్కులు అక్కడే వస్తాయి. తెలుగు అక్షరాల్లో దీర్ఘం, ఒత్తు, సున్నా చిన్నవి. మసకబారితే "కలం" "కాలం" అవుతుంది, "ది" "ధి" అవుతుంది. మామూలు వార్తలో అయితే సందర్భాన్ని బట్టి సర్దుకుంటాం. పజిల్‌లో ఆ ఒక్క గుర్తు తప్పితే తిప్పి చదివినా ఏమీ రాదు, పిల్ల మాత్రం తనకే చేతకాలేదనుకుంటుంది. ఆధారం చివర బ్రాకెట్‌లో ఉండే అంకె అంచున తెగిపోవడం ఇంకో ఇబ్బంది. అది లేకపోతే ఎన్ని గళ్ళో తెలియదు. గళ్ళని ఒక ఫొటోలో, ఆధారాల్ని ఇంకో ఫొటోలో, పేజీని చదునుగా పరిచి పైనుంచి తియ్యమని నాన్నగారికి చెప్పాను. తర్వాతి సంచికలో సమాధానాలు వచ్చాక అదీ పంపుతారు. మాకు తట్టని జవాబులు అప్పుడు చూసి, ఆధారం ఎలా పనిచేసిందో వెనక నుంచి విప్పుతాం. నేర్చుకోవడం అక్కడే ఎక్కువ జరుగుతోందని నాకు అనిపిస్తోంది.

ఈ మధ్య తను అట్టముక్కల మీద ఒక్కో అక్షరం రాసుకుని వాటిని జరుపుతూ కూర్చుంటోంది. "పాట" తిప్పితే "టపా" వస్తుందని అలాగే కనిపెట్టింది. టపా అంటే ఏమిటో నన్ను అడగాల్సి వచ్చింది, ఉత్తరాలని చెప్పాను. తర్వాత తనంతట తనే ఒక ఆధారం రాసి తాతయ్యకి పంపింది: "చీకటికి ముందు వచ్చే బండి (2)." జవాబు కారు. కారుచీకటి అన్న మాట ఎక్కడో విని గుర్తుపెట్టుకుంది. ఒకే మాటలో ఇంగ్లీషు నుంచి వచ్చిన బండి, తెలుగు నలుపు రెండూ ఉన్నాయి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లకి దొరకాల్సిన ఆధారమే అది, దాన్ని ఏ వైపుకీ అనువదించాల్సిన పనిలేదు.

నాన్నగారు జవాబు వెంటనే చెప్పేశారు. చెప్పి ఊరుకోలేదు. "బాగుందమ్మలూ, కానీ 'ముందు వచ్చే' అంటే సాయంత్రం అనుకుంటారు అందరూ. అలా అనుకోవాలనే పెట్టావా?" అని అడిగారు. "అవును తాతయ్యా, అందుకే పెట్టాను" అంది. "అయితే సరే, ఉంచు" అన్నారాయన, ఇంకోటి పంపమని.