లైట్, మీడియం, డార్క్: కాఫీ గింజలు కొనడంలో నేను పడ్డ పాట్లు

పాలు కలుపుకుని తాగే అలవాటున్నవాళ్ళు మొదటి ప్యాకెట్ లైట్ రోస్ట్, అంటే తక్కువగా వేయించిన గింజలు, కొనకండి. కౌంటర్ దగ్గర కుర్రాడు ఎంత గొప్పగా చెప్పినా సరే. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు డబ్బూ మిగిలేది, పదిమందిలో పలచనయ్యే బాధా తప్పేది.

మా ఇంట్లో ఇన్నాళ్ళూ సీసాలో వచ్చే ఇన్‌స్టంట్ పొడే. గింజలు కొనుక్కుని అప్పటికప్పుడు పొడి చేసుకుంటే రుచే వేరని అందరూ అంటుంటే సరే చూద్దామనుకున్నాను. స్టీలు ఫిల్టర్ అత్తగారిది అటక మీద ఉంది, దించి తోమాను. చేత్తో తిప్పే గ్రైండర్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. అసలు తిప్పలు గింజల దగ్గరే మొదలయ్యాయి.

హైదరాబాద్‌లో ఈమధ్య వెలిసిన ఖరీదైన కాఫీ షాపుల్లో ఒకదానికి వెళ్ళాను. పేరు చెప్పను. గోడ నిండా ప్యాకెట్లు. ఒకదాని మీద నారింజ అని, ఇంకోదాని మీద మల్లెపూలు అని రాసి ఉంది. "కాస్త స్ట్రాంగ్‌గా ఉండేది ఇవ్వండి" అన్నాను. "స్ట్రాంగ్ అంటే కెఫీనా మేడమ్, టేస్టా?" అన్నాడు ఆ కుర్రాడు. నాకేం తెలుసు? "పాలు పోసినా కాఫీలా ఉండాలి బాబూ" అన్నాను. వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను మాత్రం గంభీరంగా, "డార్క్ అంటే మాడ్చేసిన గింజలు మేడమ్. గింజ క్వాలిటీ తెలియాలంటే లైటే తాగాలి" అని పావు కిలో లైట్ రోస్ట్ చేతిలో పెట్టాడు. ఇంట్లో ఏ పరికరం ఉందని అడగలేదు. పాల మాట నేనే ఎత్తినా పట్టించుకోలేదు.

ఇంటికొచ్చి గ్రైండర్‌లో వేస్తే గింజలు రాళ్ళలా ఉన్నాయి, చెయ్యి పడిపోయింది. ఫిల్టర్‌లో పొడి వేసి మరిగిన నీళ్ళు పోస్తే దిగిన డికాక్షన్ ఎర్రగా, పలచగా ఉంది. పాలు కలిపితే రంగే రాలేదు. అత్తగారు ఒక గుక్క తాగి, "పుల్లగా ఉందేంటమ్మా, పాలు గానీ విరిగాయా?" అన్నారు. పాలు విరగలేదు. ఆ పులుపు కాఫీదే.

ప్యాకెట్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ప్రశ్నల మీద ప్రశ్నలు. గ్రైండ్ సైజు ఎంత, నీళ్ళు ఎన్ని డిగ్రీలు, ఎన్ని గ్రాములకి ఎన్ని ఎమ్మెల్? స్టీలు ఫిల్టర్‌లో వేశానని చెప్పగానే అతను పక్కవాడి వైపు తిరిగి, "లైట్ రోస్ట్ తీసుకెళ్ళి ఫిల్టర్ కాఫీ పెట్టారంట బ్రో" అని గట్టిగానే అన్నాడు. షాపంతా విన్నది. "పాలు పోస్తే గింజల్ని అవమానించినట్టు మేడమ్" అని నాకో పాఠం కూడా చెప్పాడు. అవమానం జరిగింది గింజలకా, నాకా? ఇన్ని ప్రశ్నలు తెలిసినవాడు అమ్మేముందు అందులో రెండు అడిగితే నోరు అరిగిపోతుందా? తెలియనివాళ్ళు వస్తేనే కదా వ్యాపారం నడిచేది. తెలియదని నవ్వేవాళ్ళు తమకి తెలిసింది చెప్పడానికి కూడా పనికిరారని నా గట్టి అభిప్రాయం.

ఆ ఉక్రోషంతోనే గింజలు వేయించి పొడి పట్టే ఒక పాత కొట్టు వెతుక్కుని వెళ్ళాను. అక్కడి పెద్దాయన నేను నోరు తెరవకముందే, "పాలతోనా అమ్మా, ఉత్తిదా? దేంట్లో పెడతారు?" అని అడిగారు. అంతే, సగం పని అయిపోయింది. వెనక గదిలో మెషీన్ తిరుగుతుంటే పక్కన నిలబెట్టి చూపించారు కూడా.

పచ్చి గింజ వేడెక్కి దాదాపు 200 డిగ్రీలకు వచ్చేసరికి లోపలి ఆవిరి, గాలి ఒత్తిడికి టప్ టప్‌మని పగులుతుంది. దీన్ని ఫస్ట్ క్రాక్ అంటారు. ఆ చప్పుడు అవుతుండగానో, అయిన వెంటనేనో దించేస్తే లైట్. ఇంకా వేడి పెంచుతూ పోతే సుమారు 225 దగ్గర ఇంకో పగులు వస్తుంది, సన్నగా చిటపటమని. అదే సెకండ్ క్రాక్. ఈ రెండు పగుళ్ళ మధ్య దించితే మీడియం. రెండో పగులు మొదలయ్యాక దించితే డార్క్. గింజలు ఒకటే, మెషీన్ ఒకటే, తేడా అంతా ఆఖరి నిమిషాల్లోనే ఉంది.

ఆయన లైట్ గింజ ఒకటి, డార్క్ గింజ ఒకటి నా చేతిలో పెట్టి నలపమన్నారు. డార్క్ వేళ్ళ మధ్యే పిండయిపోయింది. లైట్ కదల్లేదు. నా చెయ్యి పడిపోవడానికి కారణం అప్పుడు తెలిసింది, డికాక్షన్ పలచగా దిగడానికి కారణం కూడా. ఎక్కువ వేగిన గింజ లోపల గుల్లబారుతుంది కాబట్టి నీళ్ళు సులువుగా లోపలికి వెళ్ళి సారాన్ని లాగేస్తాయి. లైట్ గింజ గట్టిది, దాని సారం రావాలంటే పొడి సన్నగా ఉండాలి, నీళ్ళు బాగా వేడిగా ఉండాలి. మన స్టీలు ఫిల్టర్‌లో నీళ్ళు ఒకసారి పోసి మూత పెడతాం, అవి చుక్కచుక్కగా దిగేలోపు చల్లారిపోతాయి. కాఫీలో పులుపు త్వరగా దిగుతుంది, తీపీ చేదూ ఆ తరవాత వస్తాయి. అందుకే లైట్ గింజతో ఫిల్టర్‌లో పులుపు దిగింది, మిగతాది పిప్పిలో ఉండిపోయింది. పైగా ఎక్కువ వేగేకొద్దీ పులుపునిచ్చే ఆమ్లాలు తగ్గి చేదు పెరుగుతుంది. ఆ చేదుని పాలు మెత్తబరుస్తాయి. లైట్‌లోని పూల వాసనల్ని మాత్రం పాలు మింగేస్తాయి.

తరవాత ఆయన చెప్పిన పరీక్షే నాకు తేల్చి పెట్టింది. చిక్కమగళూరు గింజలు, ఒకే రకం, ప్లాంటేషన్ ఏ అనే గ్రేడు, మూడు రోస్టుల్లో వంద గ్రాముల చొప్పున తెచ్చుకున్నాను. వేర్వేరు తోటల గింజలతో ఈ పని చేయకండి, తేడా రోస్టుదో తోటదో తెలియదు. మూడు గ్లాసుల్లో పది గ్రాముల చొప్పున కాస్త బరక పొడి వేశాను. మరిగించి దించిన నీళ్ళు ఒక్కో గ్లాసులో 170 ఎమ్మెల్ పోసి నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచాను. పైన కట్టిన తెట్టును చెంచాతో కలిపి, మిగిలిన నురగ తీసేశాను. వేడి తగ్గేదాకా ఆగాలి, నాలుక కాలితే ఏ రుచీ తెలియదు.

ఉత్తిగా తాగితే లైట్‌లో నిమ్మ లాంటి పులుపు ఉంది. కానీ ఇంట్లో ఫిల్టర్‌లో దిగిన పులుపు కాదిది. ఇక్కడ పులుపు వెనకాల తీపి ఉంది, చల్లారేకొద్దీ ఆ తీపి పెరిగింది. పుల్లగా, నీళ్ళగా ఉండి నోట్లో వెంటనే మాయమైపోతే తప్పు కాయడంలో ఉన్నట్టు, పొడి ఇంకా సన్నగా చేసుకోవాలి. పులుపుతో పాటు తీపి నిలిస్తే అది గింజ గుణం. మీడియం కాస్త చాక్లెట్ వాసనతో, పులుపు తగ్గి హాయిగా ఉంది. డార్క్ ఉత్తిగా తాగితే మాడు వాసన, గొంతులో చేదు. మళ్ళీ మరీ మరిగే నీళ్ళు కాకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి పోస్తే ఆ చేదు చాలావరకు తగ్గింది.

అసలు ఆట తరవాత. మూడింట్లోనూ కాచిన పాలు పావు గ్లాసు చొప్పున పోశాను. లైట్ వాసనంతా ఎటో పోయింది, పులుపు మిగిలింది. మీడియం నిలబడింది గానీ పాలు ఇంకో రెండు చెంచాలు పడేసరికి నీరసించింది. డార్క్ మాత్రం అప్పుడే అసలు కాఫీలా తయారైంది. అత్తగారు డార్క్ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయారు, ఇక వేరే తీర్పు అక్కర్లేదు. మా అమ్మాయి పాలు తాగదు, దానికి లైటే నచ్చింది. ఆ షాపువాడు అంటగట్టిన ప్యాకెట్‌ని అది పేపర్ ఫిల్టర్‌లో సన్నటి పొడితో, సలసల మరిగే నీళ్ళతో చేసుకుని చక్కగా తాగేసింది. నాకు ఉదయం పాలతో మీడియం కన్నా కొంచెం ముదురు, సాయంత్రం ఉత్తిది మీడియం.

ప్యాకెట్ మీద రాతను నమ్మకండి, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి డార్క్. గింజను చూడండి. లేత గోధుమ రంగులో, తడి లేకుండా, మధ్య గాడిలో తెల్లటి పొర కనిపిస్తే లైట్. బాగా నల్లబడి నూనె మెరుస్తుంటే డార్క్. మీడియం అని రాసి నూనె మెరుస్తోందంటే ఎక్కువైనా వేగి ఉండాలి, పాతవైనా అయి ఉండాలి. కాబట్టి రోస్ట్ చేసిన తేదీ చూడండి, ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే ఉంటే నేనైతే కొనను. డార్క్ గుల్లబారి ఉంటుంది కాబట్టి త్వరగా వాసన పోతుంది, నెలకి సరిపడా మాత్రమే తెచ్చుకోండి. లైట్‌ని మరీ నిన్న వేయించింది తాగినా బాగోదు, వారం పది రోజులు ఆగాలి.

డార్క్ తాగితే నిద్ర పట్టదని మా వదిన వాదన. స్ట్రాంగ్‌గా అనిపించేది చేదు, కెఫీన్ కాదు. తూకం వేసి తీసుకుంటే లైట్‌కీ డార్క్‌కీ కెఫీన్‌లో పెద్ద తేడా ఉండదు. ఇంకొకాయన "అరకు అంటే లైటా, డార్కా?" అని అడిగారు. అరకు అన్నది ఊరు. అక్కడి అరబికా రకం కాఫీకి 2019లో జీఐ అనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మూడు రోస్టుల్లోనూ దొరుకుతుంది.

నల్లగా, చిక్కగా ఉన్న ప్రతి పొడీ డార్క్ రోస్ట్ అనుకోకండి, చికోరీ అనే వేరు పొడి కలిపినా అలాగే ఉంటుంది. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన దగ్గర నిబంధన. అంటే మిగతా 49 దాకా చికోరీ కావచ్చు. ఎంతుందో ప్యాకెట్ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, కళ్ళజోడు తీసుకెళ్ళండి.